నీళ్ల తొట్టి గోడ ఎటు వంగుతుంది?

కాంక్రీటు నీళ్ల తొట్టి గోడ చూడ్డానికి చాలా సాదా వస్తువు. లోపల నీళ్లు బయటికి తోస్తాయి, గోడ ఆ తోపుకు నిలబడాలి. అంతకు మించి అందులో ఆలోచించడానికేముంది అనిపిస్తుంది. కానీ ఆ గోడ ఎటు వంగుతుంది, ఎక్కడ ఎక్కువ వంగుతుంది అని అడిగితే, మన కాలేజీల్లో తరతరాలుగా నేర్పుతున్న సులభ పద్ధతి ఒక జవాబు చెబుతుంది, గోడ ఇంకోటి చేస్తుంది. గోడ అడుగున ఆ పద్ధతి చూపించే వంపు అసలు దాంట్లో నాలుగో వంతు కూడా ఉండదు. నీటి తోపే లేని పైఅంచు దగ్గర, మూలల్లో, అది సున్నా అని చెప్పేచోట గోడకు గట్టి పరీక్ష ఒకటి ఉంటుంది. తొట్లు ఎక్కువగా ఎక్కడ కారతాయో తెలిసిన మేస్త్రీలు ఈ రెండు చోట్లనీ వేలెత్తి చూపిస్తారు.

లెక్క కోసం ఒక తొట్టి తీసుకుందాం. నేల మీద కట్టింది, పైకప్పు లేదు. లోపల ఇటు 6 మీటర్లు, అటు 6 మీటర్లు, నీటి లోతు 3 మీటర్లు. లక్షా ఎనిమిది వేల లీటర్లు పడుతుంది. ఊరి నీటి పథకంలోనో, హాస్టల్ ఆవరణలోనో కనిపించే సైజే. ఇంజినీర్లు ఈ లెక్కలన్నీ కిలోన్యూటన్లలో వేస్తారు. పది కిలోన్యూటన్లంటే దాదాపు ఒక టన్ను బరువు కాబట్టి మనం టన్నుల్లోనే మాట్లాడుకుందాం.

నీటి పీడనం లోతును బట్టి పెరుగుతుంది. మీటరు లోతున చదరపు మీటరుకు ఒక టన్ను, రెండు మీటర్ల లోతున రెండు, అడుగున మూడు. పైన సున్నాతో మొదలై అడుగున మూడుకు చేరే ఈ పీడనాన్ని బొమ్మ గీస్తే త్రిభుజం వస్తుంది. తొట్టి ఎంత వెడల్పుందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. గోడ వెనక ఆరు మీటర్ల నీళ్లున్నా, అడుగు వెడల్పు నీళ్లున్నా లోతు ఒకటే అయితే తోపు ఒకటే. గోడ పొడవునా ప్రతి మీటరు మీద పడే మొత్తం తోపు త్రిభుజం వైశాల్యమంత, అంటే నాలుగున్నర టన్నులు. అదంతా ఒకేచోట తోసినట్టు భావిస్తే ఆ చోటు ఫ్లోరు నుంచి మీటరు ఎత్తున, అంటే లోతులో మూడో వంతు దగ్గర ఉంటుంది.

ఇక మొమెంటు. ఒక కడ్డీని గోడలో దిగ్గొట్టి, మీటరు అవతల చివర ఒక టన్ను వేలాడదీస్తే గోడ దగ్గర ఆ కడ్డీని వంచే బలం ఒక టన్ను-మీటరు. మన తొట్టి గోడను అడుగున మాత్రమే బిగించి, పక్క గోడలతో సంబంధం లేకుండా నిలబెడితే, నాలుగున్నర టన్నులు మీటరు ఎత్తున తోస్తాయి కాబట్టి అడుగున మొమెంటు 4.5 టన్ను-మీటర్లు. దీన్ని కాంటిలివర్ గోడ అంటారు. చాలా పొడవాటి గోడ మధ్య భాగానికి ఈ లెక్క సరిపోతుంది. మన గోడ అంత పొడవు లేదు. దాని రెండు చివరలూ పక్క గోడల్లో కలిసిపోయి ఉన్నాయి. అడుగూ పట్టుకుంది, రెండు పక్కలా పట్టుకుంది, పైఅంచు మాత్రం వదులు. మూడు వైపులా బిగించిన పలక అది.

నిలువు, అడ్డం

పలక ఎలా పనిచేస్తుందో తెలియాలంటే నవారు మంచం చాలు. పొడవు పట్టీలూ అడ్డ పట్టీలూ అల్లుకుని ఉంటాయి. నడుమ ఒక మనిషి కూర్చుంటే ఆ చోట రెండు రకాల పట్టీలూ కలిసే కిందికి దిగాలి, ఒకటి దిగి ఒకటి ఆగడం కుదరదు. ఒకే దిగుడుకు ఏ పట్టీ ఎక్కువ ఎదురు తిరుగుతుందో అది ఎక్కువ బరువు మోస్తుంది. బరువును పంచుకోవడంలో ఎవరి వాటా ఎంతో నిర్ణయించేది బిగువే.

గోడలోనూ నిలువు పట్టీలు, అడ్డ పట్టీలు ఉన్నాయనుకుందాం. నిలువు పట్టీ అడుగున బిగించి ఉంది. ఫ్లోరు పక్కన దాన్ని వంచడం చాలా కష్టం, అందుకే అక్కడ పడే తోపును దాదాపు అంతా అదే మోసి ఫ్లోరుకు అప్పగిస్తుంది. అడ్డ పట్టీకి అక్కడ చేయడానికి పెద్దగా పనుండదు. పైకి వెళ్లే కొద్దీ కథ తిరగబడుతుంది. నిలువు పట్టీ పైకొస గాలిలో వేలాడుతోంది, సులభంగా ఊగుతుంది. అడ్డ పట్టీకేమో రెండు చివరలా పక్క గోడల పట్టు ఉంది. కాబట్టి పైభాగంలో అడ్డ పట్టీలు తమ మీద పడ్డ తోపును మోయడమే కాదు, బయటికి వంగబోయే నిలువు పట్టీల కొసలను కూడా పట్టి ఆపుతాయి. పైఅంచు దగ్గర నీటి తోపు లేకపోయినా గోడ అడ్డంగా వంగేది ఇందుకే. కింద నీళ్లు తోసిన తోపు నిలువు పట్టీల మీదుగా పైకి వచ్చి అక్కడి అడ్డ పట్టీల మీద పడుతుంది.

పట్టీల లెక్క అసలు పలకకు దగ్గరగా వస్తుంది గానీ పూర్తిగా పట్టదు, ఎందుకంటే పలక వంగడమే కాదు, మెలి కూడా తిరుగుతుంది. ఆ మెలి కూడా కొంత భారం మోస్తుంది. వీటన్నిటినీ కలిపి చెప్పే సమీకరణం పందొమ్మిదో శతాబ్దం మొదట్లో పారిస్‌లో తయారైంది. ఇసుక చల్లిన పలకలను కంపింపజేస్తే ఏర్పడే ముగ్గుల్లాంటి గీతలకు కారణం చెప్పమని అక్కడి అకాడమీ పోటీ పెట్టింది. సోఫీ జెర్మేన్ పంపిన ప్రయత్నంలోని తప్పును 1811లో లాగ్రాంజ్ సరిదిద్ది సమీకరణాన్ని నిలబెట్టాడు. జెర్మేన్‌కు 1816లో బహుమతి దక్కింది. సమీకరణం దొరికినా, మూడు వైపులా బిగించి ఒక వైపు వదిలేసిన పలకకు దాన్ని చేత్తో సాధించడం నరకం. ఒకసారి సాధించినవాళ్లు ఫలితాలను పట్టికలుగా వేసి పెట్టారు. మన ఐఎస్ 3370 నాలుగో భాగం, 1967లో వచ్చింది, ఆ పట్టికల పుస్తకమే.

పట్టిక వాడకం చాలా తేలిక. గోడ పొడవును లోతుతో భాగించాలి. మనకు 6 బై 3, అంటే 2. ఆ నిష్పత్తికి పట్టికలో ప్రతి చోటుకూ ఒక గుణకం ఉంటుంది. దాన్ని నీటి సాంద్రతతోనూ, లోతు ఘనంతోనూ గుణిస్తే మొమెంటు వస్తుంది:

M = k × w × a³

ఇక్కడ w ఘనపు మీటరుకు ఒక టన్ను, a మూడు మీటర్లు, కాబట్టి గుణించాల్సింది 27తో. లోతు ఘనంగా పెరుగుతుందన్న సంగతి గుర్తుంచుకోదగ్గది. లోతు, పొడవు రెండూ రెట్టింపైతే మొమెంటు ఎనిమిది రెట్లవుతుంది. డాబా మీద మీటరు లోతు తొట్టి కట్టి ఏమీ కాలేదని, అదే చేత్తో మూడు మీటర్ల సంపు కట్టడానికి దిగేవాళ్లు మరిచిపోయేది దీన్నే.

గోడ మధ్యలో అడుగున నిలువు మొమెంటు గుణకం 0.086. అంటే 2.32 టన్ను-మీటర్లు. కాంటిలివర్ చెప్పిన 4.5లో సగం మాత్రమే, మిగతాది పక్క గోడల పట్టు తగ్గించింది. ఇది లోపలి ముఖాన్ని, నీళ్లు తగిలే ముఖాన్ని సాగదీస్తుంది. గోడ సగం ఎత్తుకు వచ్చేసరికి నిలువు మొమెంటు 0.4కు పడిపోవడమే కాదు, దిక్కు మారి బయటి ముఖాన్ని సాగదీయడం మొదలుపెడుతుంది. వట్టి కాంటిలివర్ గోడలో అయితే అదే ఎత్తున 0.56 ఉండేది, అదీ లోపలి ముఖం మీద. ఎంత మొమెంటన్నదే కాదు, ఏ ముఖం సాగుతుందన్నది కూడా పక్క గోడల వల్ల మారిపోయింది.

అడ్డ మొమెంటు మూలల్లో, లోపలి ముఖాన్ని సాగదీస్తుంది. పైఅంచు దగ్గర 1.62, అక్కడి నుంచి ముప్పావు మీటరు కిందికి దిగితే 1.59, సగం లోతున 1.32, ఆ తర్వాత తగ్గుతూ ఫ్లోరు దగ్గర పోతుంది. గోడ నడుమ పైఅంచున 0.73, అది బయటి ముఖాన్ని సాగదీస్తుంది. నీటి తోపు పైన సున్నా, కింద అత్యధికం. మూలల్లో వంపేమో సరిగ్గా తలకిందులు.

అదే మూడు మీటర్ల లోతుకు గోడ పొడవును మార్చి చూస్తే పలక స్వభావం ఇంకా తేటగా కనిపిస్తుంది. పొడవు 3 మీటర్లైతే అడుగు మొమెంటు ఒక టన్ను-మీటరు కూడా రాదు, 0.95. ఆరు మీటర్లకు మనకొచ్చిన 2.32. తొమ్మిది మీటర్లకు 3.4. ఇంకా పొడిగించుకుంటూ పోతే 4.5 దగ్గరికి చేరుతుంది. పక్క గోడల పట్టు దూరం పెరిగే కొద్దీ సడలిపోయి, నడుమ గోడ ఒంటరిదవుతుంది.

సులభ పద్ధతి చేసే పొరపాటు

ఇప్పుడు పాఠ్యపుస్తకాల సులభ పద్ధతికి వద్దాం. తొట్టి పొడవు వెడల్పుకు రెండు రెట్లలోపు ఉంటే ఇలా చేయమంటుంది: అడుగున ఒక మీటరు ఎత్తు, లేదా లోతులో నాలుగో వంతు, ఏది ఎక్కువైతే అంత మేర గోడను కాంటిలివర్ అనుకోండి. దానిపైన గోడంతా అడ్డంగానే మోస్తుందనుకుని, నాలుగు గోడలను ఒక చట్రంలా లెక్క వేయండి.

మన తొట్టికి వేసి చూద్దాం. అడుగు మీటరులో మోసేదల్లా ఒక చిన్న త్రిభుజం, ఒకటిన్నర టన్ను, మీటరులో మూడో వంతు ఎత్తున. మొమెంటు 0.5 టన్ను-మీటరు. పలక చెప్పింది 2.32. ఇక మీటరు ఎత్తున పీడనం రెండు టన్నులు. ఆరు మీటర్ల అడ్డ పట్టీకి మూలలో మొమెంటు 6 టన్ను-మీటర్లు, నడుమ 3. అదే ఎత్తున మూల దగ్గర పలక చెప్పేది ఒక టన్ను-మీటరు లోపే.

అంటే ఈ పద్ధతి అడుగున నాలుగో వంతు కూడా చూడదు, కాస్త పైన ఆరు రెట్లు చూస్తుంది. ఇది చూసి ఇలా కట్టిన తొట్లన్నీ ఎప్పుడో కూలిపోవాలి కదా అనిపించొచ్చు. కూలవు. అందులో ఒక సూక్ష్మం ఉంది. నీటి తోపు మొత్తాన్నీ ఏదో ఒక దారిన ఆధారాలకు చేర్చే లెక్క వేసి, ఆ దారి పొడవునా సరిపడా ఇనుము పెడితే, గోడ పడిపోకుండా ఉండటానికి అది చాలు. అడుగున ఇనుము తక్కువైతే అక్కడ పగిలి, ఇనుము సాగి, భారం అడ్డ దిశకు మళ్లుతుంది. ఇంజినీరు కాగితం మీద ఊహించుకున్న పని విధానానికి గోడ పగిలాక గానీ రాదు. మామూలు గోడకైతే ఆ పగులు పర్వాలేదు. నీళ్లు పట్టే గోడకు పగులంటే కారడమే. తొట్టి డిజైన్‌లో మొదట అడగాల్సింది పడిపోతుందా అని కాదు, పగులుతుందా అని.

ఇందులో రెండు దారులున్నాయి. కాంక్రీటు సాగుడు బలం పరిమితి దాటకూడదన్న పాత కట్టుబాటును గట్టిగా పాటించే ఇంజినీరు ఆ 6 టన్ను-మీటర్ల మూల మొమెంటుకు గోడ మందం దాదాపు 42 సెంటీమీటర్లు చేస్తాడు. అంత మందం మీద అడుగున అసలు మొమెంటు పడినా గోడ తట్టుకుంటుంది. లెక్కలోని తప్పును అదనపు కాంక్రీటు కప్పేసింది, ఖర్చు మాత్రం యజమానిది. రెండో దారి మందం పెంచకుండా పగులు వెడల్పు లెక్కతో సాగేది. మందం 27 సెంటీమీటర్లే ఉంచి, అడ్డ రాడ్లు దట్టంగా దూర్చేస్తారు. నిలువు రాడ్లకు లెక్క వచ్చింది అర టన్ను-మీటరే కాబట్టి, కోడ్ చెప్పిన కనీస ఇనుము చాలు అనుకుంటారు.

అక్కడే చిక్కు. 27 సెంటీమీటర్ల గోడకు, అడుగున 2.32 టన్ను-మీటర్లకు, ఇనుములో సాగుడు చదరపు మిల్లీమీటరుకు 130 న్యూటన్లు దాటకుండా ఉంచాలంటే (2009 నాటి ఐఎస్ 3370 రెండో భాగంలోని హద్దు ఇది) లోపలి ముఖం వైపు 12 మిల్లీమీటర్ల రాడ్లు 115 మిల్లీమీటర్లకొకటి కావాలి. కనీస ఇనుము, ప్రతి ముఖానికీ సగం మందంలో 0.35 శాతం చొప్పున చూస్తే, అవే రాడ్లు 235కు ఒకటి వస్తాయి. సరిగ్గా సగం. చిన్న తొట్లకు దాన్ని ఇంకా తగ్గించుకునే వెసులుబాటు కూడా కోడ్‌లో ఉంది. సగం ఇనుముతో గోడ అడుగున పగిలిందంటే ఆ రాడ్లలో సాగుడు 260 చేరుతుంది. ఎఫ్ఈ 500 ఇనుము తెగదు, లొంగదు కూడా. కానీ 0.2 మిల్లీమీటర్ల లోపు ఉండాల్సిన పగులు అంతకు మించి తెరుచుకుంటుంది.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. 27 సెంటీమీటర్ల నిఖార్సైన ఎం30 కాంక్రీటు 2.32 టన్ను-మీటర్లకు వెంటనే పగలాలనేం లేదు. దాని సాగుడు బలంలో సగం దాకానే వాడుతున్నాం. కానీ ఆ మొమెంటు పడేది ఎక్కడ? ఫ్లోరు పోసి, ఒక రోజో వారమో ఆగి, గోడ పోసే అతుకు దగ్గర. పాత కాంక్రీటుకు కొత్తది అంటే చోట సాగుడు బలం ఎప్పుడూ తక్కువే. పైగా గోడ ఆరేటప్పుడు కుదించుకుపోవాలని చూస్తుంది, గట్టిపడిన ఫ్లోరు దాన్ని కదలనివ్వదు. పనివాళ్లు అతుకు గరుకు చేయకుండా, రంపపు పొట్టూ బురదా కడగకుండా పోసేస్తే, అడుగున తేనెపట్టులా ఖాళీలు మిగిలితే, ఇక లెక్కలోని లోపం, చేతల్లోని లోపం ఒకే గీత మీద కలుస్తాయి. కారినప్పుడు మేస్త్రీని తిడతారు. డ్రాయింగులో నిలువు రాడ్ల దూరం ఎంతుందో ఎవరూ చూడరు.

పైఅంచు సంగతి దీనికి తమ్ముడు. సులభ పద్ధతి ప్రకారం అడ్డ మొమెంటు లోతును బట్టి వస్తుంది కాబట్టి పైకి పోయే కొద్దీ అడ్డ రాడ్లను ఎడం చేసుకుంటూ పోతారు. మన లెక్కలో పైనుంచి సుమారు అర మీటరు దాకా పలక చెప్పే మొమెంటు ఆ పద్ధతి చెప్పేదాన్ని మించి ఉంటుంది. నీళ్లే లేనిచోట రాడ్లెందుకని అక్కడ ఆదా చేస్తారు. మూల మీద పైఅంచు నుంచి కిందికి దిగే నిలువు పగులు ఆ ఆదా ఫలితం.

మూలలో రాడ్డు ఎటు తిప్పాలి

మూలలో సాగేది లోపలి ముఖమని చెప్పుకున్నాం. అంటే నీళ్లు ఆ మూలను విప్పదీయాలని చూస్తున్నాయి. ఇక్కడ రాడ్ బెండింగ్ వాళ్లు సహజంగా చేసే పని ఒకటుంది. లోపలి ముఖం వెంట వచ్చిన అడ్డ రాడ్డును మూల దగ్గర లోపలి అంచు వెంటే మడిచి పక్క గోడలోకి పంపేస్తారు. చూడ్డానికి చక్కగా, గోడ ఆకారాన్నే అనుసరిస్తూ ఉంటుంది. కానీ లాగుడు పడగానే ఆ మడత నిటారు కావాలని చూస్తుంది. దానికి అడ్డుగా ఉన్నది లోపలి మూలలో కవర్ కాంక్రీటు మాత్రమే. అది పెళ్లలుగా ఊడొస్తుంది. ఒక గోడ లోపలి ముఖం రాడ్డును మూల దాటించి పక్క గోడ బయటి ముఖం దాకా తీసుకెళ్లి, అక్కడ మడిచి గుచ్చాలి. రెండు గోడల రాడ్లూ మూలలో ఒకదాన్నొకటి దాటి పోవాలి. లోపలి మూలలో చిన్న ఏటవాలు దిమ్మె పోసి, దాని వెంట ఏటవాలు రాడ్డు పెడితే ఇంకా మంచిది. ఇంకో సంగతి, పక్క గోడ మీద నీళ్ల తోపు ఈ గోడను పొడవునా లాగుతుంది కూడా. అడ్డ రాడ్లకు వంపుతో పాటు ఆ లాగుడుకూ ఇనుము కలపాలి.

చదరపు తొట్టిలో మూల ఏ పక్కకూ తిరగదు, రెండు వైపులా ఒకే బలం కాబట్టి. పట్టికలో అంచులు పూర్తిగా బిగించినవి అనుకోవడం అందుకే అక్కడ చెల్లుతుంది. తొట్టి 6 మీటర్లు, 3 మీటర్లు అయితే మాట వేరు. పొడవు గోడ మూలలో 1.62 అంటుంది, పొట్టి గోడ తన లెక్కన 0.49 అంటుంది. ఒకే మూలకు రెండు మొమెంట్లు ఉండవు. మూల కాస్త తిరిగి, రెండూ ఒక చోట కుదురుతాయి. పొట్టి గోడ బిగువు రెట్టింపు కాబట్టి తేడాలో మూడింట రెండు వంతులు అది తీసుకుంటుంది. ఉజ్జాయింపుగా ఇద్దరికీ 1.24 దగ్గర తేలుతుంది. దాంతో పొట్టి గోడ నడుమ జరిగేది విచిత్రం. పైభాగంలో నీళ్లు దాన్ని బయటికి తోస్తున్నా, మూలల తిప్పుడు దాన్ని లోపలికి వంచేస్తుంది. బయటి ముఖం వైపు రాడ్లు చాలనుకున్నచోట లోపలి ముఖం సాగుతుంది. రెండు ముఖాల మీదా ఇనుప జాలీ ఉండాలని పెద్దలు పట్టుబట్టేది చాదస్తంతో కాదు. సంపుకైతే ఇంకో కారణం ఉంది: ఖాళీ చేసినప్పుడు బయటి మట్టి లోపలికి తోసి, ముఖాలన్నిటినీ తారుమారు చేస్తుంది.

అడుగు పట్టు విషయంలోనూ జాగ్రత్త ఉండాలి. పట్టిక చెప్పే 2.32 రావాలంటే ఫ్లోరు గోడను నిజంగా కదలకుండా పట్టుకోవాలి. గోడ 27 సెంటీమీటర్లు, ఫ్లోరు 15 సెంటీమీటర్లు, కింద సరిగా దిమ్మిస చేయని మట్టి ఉంటే ఫ్లోరే వంగిపోతుంది. అడుగు మొమెంటు తగ్గుతుంది గానీ అది మాయం కాదు, మూలల మీదికి ఎక్కుతుంది. అందుకే గోడ పక్కన ఫ్లోరును గోడంత మందం చేసి, నిలువు రాడ్లను ఎల్ ఆకారంలో ఫ్లోరులోకి పొడుగ్గా తిప్పుతారు. ఇప్పుడు కంప్యూటర్‌లో గోడను చిన్న గళ్లుగా కోసి, కింది మట్టిని స్ప్రింగులుగా పెట్టి ఇవన్నీ ఒకేసారి లెక్కించొచ్చు. ఆ ఫలితం కాగితం మీద చూసుకున్నప్పుడు కూడా పాత పట్టికతో రెండు నిమిషాల సరిపోలిక మేలు. అడుగు మొమెంటు కాంటిలివర్ విలువను దాటినా, మూలలో పైఅంచున సున్నా వచ్చినా, ఎక్కడో అంచు షరతు తప్పు పడిందని అర్థం.

కట్టేసిన తొట్టిలో ఏం జరిగిందో పగులే చెబుతుంది. పైకప్పులేని తొట్టిని నింపి, కాంక్రీటు నీళ్లు పీల్చుకునేందుకు వారం వదిలి, తర్వాతి వారం రోజుల్లో మట్టం 40 మిల్లీమీటర్లకు మించి దిగలేదంటే పాసైనట్టు. దిగిందంటే బయట తడి ఎక్కడుందో చూడాలి. గోడ అడుగున, నడుమ భాగంలో అడ్డంగా తడి గీత ఉండి, మూలల వైపు సన్నగిల్లిపోతుంటే అది నిలువు మొమెంటు పని. అతుకు చెడిపోవడమే కారణమైతే తడి ఇలా నడుమనే కాకుండా ఎక్కడ పడితే అక్కడ, మూలల దాకా మచ్చలుగా కనిపిస్తుంది. పైనుంచి దిగిన నిలువు పగులు మూలలో ఉంటే అడ్డ ఇనుము సంగతి. గోడ పొడవు మధ్యలో ఒకటి రెండు నిలువు పగుళ్లు ఫ్లోరు పైనుంచి మొదలై సగం ఎత్తులో ఆగిపోతే, తొట్టి నింపకముందే కనిపించినా, అవి నీటి వల్ల వచ్చినవి కావు. కాంక్రీటు ఆరి కుదించుకున్నప్పుడు పడినవి.

సన్నటి పగులైతే తెల్లటి సున్నపు చారలు కట్టి కొన్ని వారాల్లో తనంత తానే పూడుకుపోవచ్చు. కాంక్రీటులోని సున్నం నీళ్లతో కరిగి వచ్చి పగుల్లో పేరుకుంటుంది. కానీ అది కదలని పగులుకే. అడుగున ఇనుము చాలక తెరుచుకున్న పగులు తొట్టి నింపినప్పుడల్లా విచ్చుకుంటుంది, ఖాళీ చేసినప్పుడల్లా మూసుకుంటుంది. ఏ పూడికా నిలవదు. బయటి నుంచి పూత పూస్తే నీటి పీడనం ఆ పూతను వెనక నుంచి ఊడదోస్తుంది. తొట్టి ఖాళీ చేసి, లోపలి నుంచి గోడా ఫ్లోరూ కలిసే చోట ఏటవాలు దిమ్మె పోసి, అందులో గోడకూ ఫ్లోరుకూ రంధ్రాలు వేసి గుచ్చిన రాడ్లు పెట్టడం ఒక దారి. నీటి మట్టాన్ని అర మీటరు తగ్గించి వాడుకోవడం ఇంకో దారి. మూడు మీటర్లు రెండున్నర అయితే పొడవుకూ లోతుకూ నిష్పత్తి కాస్త పెరిగినా, ఘనం ప్రభావం ఎక్కువ కాబట్టి అడుగు మొమెంటు మూడింట ఒక వంతుకు దగ్గరగా తగ్గుతుంది. చేతిలో డబ్బు లేని పంచాయతీకి పైపు ఓవర్‌ఫ్లోను కిందికి దించడం ఒక్క పూట పని.